మరమ్మతు కోసం ఇంటికి వస్తామని యజమాని పంపే ఈమెయిల్: సమయ వ్యవధి, అద్దెదారు ఎంపికలు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు:

- అద్దె ఇంట్లోకి తనిఖీకి వచ్చే విషయంలో యజమానికి, అద్దెదారుకు ఉన్న హక్కులను వివరించగలుగుతారు.
- సందర్శన తేదీని, సమయ వ్యవధిని నిర్ణయిస్తూ స్పష్టమైన ఈమెయిల్ రాయగలుగుతారు.
- అలాంటి ఈమెయిల్ అందినప్పుడు మీ ముందున్న మార్గాలను గుర్తించి తగిన జవాబు రాయగలుగుతారు.

1. పరిచయం

మంథని, గోదావరిఖని, సెంటినరీ కాలనీ పరిసరాల్లో కిరాయికి ఇచ్చిన ఇళ్ల యజమానులు చాలామంది ఆ ఊళ్లో ఉండరు. ఉద్యోగరీత్యా హైదరాబాదులోనో, పిల్లల దగ్గర విదేశాల్లోనో ఉంటారు. కిరాయికి ఉండేవారు కూడా టీచర్లు, బ్యాంకు సిబ్బంది, సింగరేణి ఉద్యోగులు వంటి పగలంతా పనిలో ఉండేవారే. ఒకే ఊళ్లో ఉంటే సాయంత్రం వెళ్లి "రేపు మేస్త్రీని పంపుతున్న" అని చెప్పి రావచ్చు. ఇరువురూ దూరంగా ఉన్నప్పుడు ఆ మాటను రాతలో పెట్టవలసి వస్తుంది. నోటిమాటలో సర్దుకుపోయే లోపాలు రాతలో సర్దుకోవు. ఎప్పుడు, ఎవరు, ఎంతసేపు, ఏ గదిలోకి అన్న నాలుగు విషయాల్లో ఏది వదిలేసినా తగాదాకు దారి తీస్తుంది.

ఈ పాఠ్యభాగంలో ఒకే సందర్భాన్ని తీసుకుందాం. మంథనిలో స్లాబు ఇల్లు, పడకగది పైకప్పులో చెమ్మ, వానాకాలానికి ముందు మరమ్మతు. యజమాని హైదరాబాదులో ఉంటారు. కిరాయికి ఉన్న మేడం ప్రభుత్వ పాఠశాలలో టీచరు. ఇది బోధన కోసం కల్పించిన ఉదాహరణ. ఇందులో వచ్చే చట్ట నిబంధనలు మాత్రం వాస్తవమైనవి.

2. చట్టం ఏమి చెబుతుంది?

2.1 రెండు హక్కులు, ఒక గడప

ఇల్లు యజమానిదే. అయినా కిరాయికి ఇచ్చిన తరువాత ఆ ఇంటి స్వాధీనం అద్దెదారుది. ఈ రెండింటినీ కలిపి చూసేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్. దానిలోని రెండు నియమాలు మనకు ముఖ్యమైనవి. మొదటిది, అద్దె చెల్లిస్తూ ఒప్పందం ప్రకారం నడుచుకునే అద్దెదారు గడువు ముగిసేదాకా ఆటంకం లేకుండా ఆ ఇంట్లో ఉండవచ్చు. రెండవది, యజమాని గాని, ఆయన తరఫు మనిషి గాని సహేతుకమైన వేళల్లో వచ్చి ఇంటి స్థితిని చూసుకోవడానికి అద్దెదారు అనుమతించాలి. లోపాలు కనబడితే వాటిని తెలియజేస్తూ నోటీసు ఇచ్చే హక్కు కూడా యజమానికి ఉంది.

ఇక్కడ "సహేతుకమైన వేళ" అనే మాటే కీలకం. ఆ వేళ ఏదో, ఎన్ని గంటల ముందు చెప్పాలో 1882 చట్టం అంకెల్లో చెప్పదు. సందర్శన ఈమెయిల్ చేసే పని ఈ ఖాళీని పూరించడమే. ఒక వేళను ప్రతిపాదించి, మార్చుకునే అవకాశమిచ్చి, అంగీకారం తీసుకుంటే ఆ వేళ సహేతుకమైనదని తరువాత ఎవరూ కాదనలేరు.

108వ సెక్షన్ నియమాలు ఒప్పందంలో గాని, స్థానిక ఆచారంలో గాని వేరుగా లేనప్పుడే వర్తిస్తాయి. కాబట్టి ముందుగా చూడవలసింది మీ కిరాయి ఒప్పందాన్ని. "రెండు రోజుల ముందు తెలిపి తనిఖీకి రావచ్చు" అని అందులో ఉంటే ఆ రెండు రోజుల నియమమే మీకు వర్తిస్తుంది.

2.2 ఇరవై నాలుగు గంటల నియమం ఎక్కడిది?

యజమాని 24 గంటల ముందు చెప్పాలన్న మాట మీరు వినే ఉంటారు. అది 2021లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలోనిది. రాతపూర్వకంగా గాని, ఎలక్ట్రానిక్ మాధ్యమంలో గాని కనీసం 24 గంటల ముందు నోటీసు ఇవ్వాలని, అందులో కారణం, రోజు, సమయం ఉండాలని, సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తరువాత ప్రవేశించరాదని ఆ నమూనా చెబుతుంది. వరద, అగ్నిప్రమాదం వంటి విపత్తుల్లో ముందస్తు నోటీసు అవసరం లేదు. గోదావరి ఒడ్డున ఉన్న మంథని వాసులకు ఈ మినహాయింపు ఎందుకుందో వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లోకి నీరు వస్తున్నప్పుడు ఎవరూ ఈమెయిల్‌కు జవాబు కోసం ఆగరు.

అయితే నమూనా చట్టం దానంతట అదే ఏ రాష్ట్రంలోనూ అమలు కాదు. ఆ రాష్ట్ర శాసనసభ తగిన చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. అందుచేత మంథనిలోని యజమాని 24 గంటల ముందు చెప్పకపోతే "కేంద్ర చట్టాన్ని ఉల్లంఘించారు" అని వాదించడం సరికాదు. కాని ఆ నమూనాను సహేతుకత ఎలా ఉండాలో చూపే కొలబద్దగా వాడుకోవచ్చు. మంచి ఈమెయిల్ 24 గంటల కంటే ఎక్కువ వ్యవధినే ఇస్తుంది.

2.3 ఈమెయిల్ చెల్లుతుందా?

2000 నాటి సమాచార సాంకేతికత చట్టం ఎలక్ట్రానిక్ రూపంలోని రాతకు చట్టబద్ధ గుర్తింపునిచ్చింది. సందర్శన గురించి తెలపడానికి ఈమెయిల్ సరిపోతుంది. ఇల్లు ఖాళీ చేయమనే నోటీసు వేరు. నెలవారీ అద్దెకు 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల గడువుతో, సంతకంతో, చట్టం చెప్పిన పద్ధతిలో దానిని అందజేయాలి. తనిఖీకి వస్తామన్న ఈమెయిల్‌ను చూసి "ఖాళీ చేయిస్తున్నారేమో" అని అద్దెదారు కంగారుపడనవసరం లేదు. యజమాని కూడా ఆ రెండింటినీ ఒకే ఉత్తరంలో కలపరాదు.

3. సమయ వ్యవధిని ఎలా నిర్ణయించాలి?

"శుక్రవారం మేస్త్రీ వస్తాడు" అని రాస్తే అద్దెదారు రోజంతా సెలవు పెట్టాలి. "శుక్రవారం సరిగ్గా 7 గంటలకు" అని రాస్తే మేస్త్రీ ఆ మాట నిలబెట్టుకోలేడు. అతనికి అదే ఉదయం మరో చోట పని ఉండవచ్చు, సామాను తేవలసి ఉండవచ్చు. ఈ రెండింటికీ మధ్య మార్గమే సమయ వ్యవధి. ఇందులో మూడు అంకెలు విడివిడిగా రాయాలి.

మొదటిది రాక వ్యవధి. ఉదాహరణకు 7 నుంచి 9 గంటల మధ్య ఎప్పుడైనా వస్తారు. రెండవది ఇంటి లోపల పని పట్టే సమయం. వచ్చాక అరగంట లోపల ఉంటారు. మూడవది చివరి గడువు. 9 గంటల దాకా రాకపోతే ఆ రోజు సందర్శన రద్దయినట్లే, అద్దెదారు వేచి ఉండనక్కరలేదు. చాలా ఈమెయిళ్లలో మొదటి అంకె ఒక్కటే ఉంటుంది. అప్పుడు "7 నుంచి 9" అంటే రెండు గంటలు పని చేస్తారని అద్దెదారు అనుకుంటారు, 9 లోపు వస్తే చాలని మేస్త్రీ అనుకుంటాడు.

ఊరిని బట్టి, పనిని బట్టి కూడా వేళ మారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రాంతపు ఎండకు మధ్యాహ్నం డాబా మీద పని చేయడం కష్టం. అందుకే స్లాబు పనికి ఉదయం వేళ పెట్టుకోవాలి. కాని ఏప్రిల్‌లో ఒంటిపూట బడులు నడుస్తాయి. టీచరు ఉదయాన్నే బడికి వెళ్లిపోతారు. మేస్త్రీకి అనువైన వేళ అద్దెదారుకు ఏమాత్రం కుదరని వేళ అవుతుంది. అందువల్ల ఒక తేదీతో పాటు కనీసం రెండు ప్రత్యామ్నాయాలు ఇవ్వాలి, వాటిలో సెలవు రోజు ఒకటుండాలి.

పనిని లోపలి పని, బయటి పని అని విడదీస్తే సమస్య సగం తీరుతుంది. చెమ్మ ఎక్కడి నుంచి దిగుతోందో తెలుసుకోవడానికి డాబా మీద నీరు నిలిపి చూస్తారు. వాన నీరు దిగే గొట్టాల మూతి మూసి, రెండంగుళాల లోతు నీరు నింపి, ఒక రోజు ఉంచుతారు. తరువాత కింది గదిలో పైకప్పు చూస్తారు. మరక పిట్టగోడ అంచు వెంబడి వస్తే లోపం గోడ, స్లాబు కలిసే చోట ఉందని, గొట్టం దగ్గర వస్తే దాని చుట్టూ పూత విడిపోయిందని అనుమానించవచ్చు. డాబాకు బయటి మెట్లుంటే నీరు నింపడానికి ఎవరూ ఇంట్లోకి రానక్కరలేదు. ఇంట్లోకి రావలసింది మర్నాడు ఆ అరగంట మాత్రమే.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. రెండంగుళాల నీరు చదరపు మీటరుకు దాదాపు 50 కిలోల బరువు వేస్తుంది. ఇనుప చువ్వలు బయటపడిన, పెచ్చులూడిన పాత స్లాబుపై ఇంజనీరును అడగకుండా నీరు నిలపరాదు.

4. నమూనా ఈమెయిల్

విషయం: పడకగది స్లాబు చెమ్మ – తనిఖీకి ఏప్రిల్ 11, శుక్రవారం, ఉదయం 7–9 (మీ జవాబు 9వ తేదీ సాయంత్రంలోగా)

మేడం గారికి నమస్కారం.

పడకగదిలో ఉత్తరం వైపు స్లాబుకు చెమ్మ వస్తోందని మీరు మార్చి 30న ఫోటో పంపారు. వానలకు ముందే బాగు చేయించాలని అనుకుంటున్నాను. దానికి ముందు చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి.

ఏప్రిల్ 10న ఉదయం మేస్త్రీ బయటి మెట్ల మీదుగా డాబా ఎక్కి నీళ్లు నిలుపుతాడు. ఆ రోజు ఇంట్లోకి రాడు. ఏప్రిల్ 11న ఉదయం 7 నుంచి 9 మధ్య మేస్త్రీ, ఆయన వెంట మా తమ్ముడు వస్తారు. పడకగది, దాని పక్క వరండా మాత్రమే చూస్తారు. లోపల అరగంట పడుతుంది. 9 దాటితే మీరు ఆగనక్కరలేదు, మరో రోజు చూసుకుందాం.

ఈ వేళ కుదరకపోతే ఏప్రిల్ 13 ఆదివారం గాని, 14 సోమవారం గాని ఇదే సమయానికి పెట్టుకోవచ్చు. నీళ్లు నిలిపేది అంతకు ముందు రోజు. ఈ మూడూ కుదరకపోతే మీకు వీలయ్యే రెండు వేళలు రాయండి. మీరు ఇంట్లో లేకున్నా ఫరవాలేదనుకుంటే తాళం ఎవరి దగ్గర ఉంచుతారో తెలపండి. మీ అనుమతి రాకుండా ఎవరూ తాళం తీయరు.

మంచం, బీరువా ఉత్తరం గోడకు రెండడుగులు జరిపి ఉంచితే చాలు. బరువైతే వదిలేయండి, వచ్చినవాళ్లు జరుపుతారు. ఆ గది ఫ్యాను, లైటు స్విచ్చులు వేయకండి. స్లాబు, గోడల ఫోటోలు మాత్రమే తీస్తారు.

ఈ ఖర్చు నాది. కిరాయిలో మార్పు లేదు.

ఇట్లు,
ఇంటి యజమాని

ఈ ఉత్తరంలో గమనించవలసినవి మూడు. విషయం పంక్తిలోనే తేదీ, వేళ, జవాబు గడువు ఉన్నాయి. ఫోనులో ఉత్తరం తెరవకుండానే అవి కనబడతాయి. వచ్చేవారు ఎవరో, ఏ గదులు చూస్తారో పరిమితి ఉంది. ఒంటరిగా ఉండే మహిళకు, వంటగది, పూజగది విషయంలో పట్టింపు ఉన్నవారికి ఈ ఒక్క వాక్యం ఎంతో ఊరట. చివరగా, జవాబు రాకపోతే వచ్చేస్తామని యజమాని రాయలేదు. మౌనాన్ని అంగీకారంగా తీసుకోలేదు.

5. అద్దెదారు ముందున్న ఎంపికలు

5.1 అంగీకరించడం

"11వ తేదీ ఉదయం 7–9 సమ్మతమే" అని ఒక్క వాక్యం రాసినా సరిపోతుంది. తాను ఉంటారో లేదో కూడా చేర్చాలి.

5.2 వేళ మార్చమని కోరడం

మన ఉదాహరణలో టీచరు ఏడున్నరకు ఇల్లు వదిలిపెట్టాలి. 7–9 వ్యవధిలో మేస్త్రీ 8 గంటలకు వస్తే తలుపు వేసి ఉంటుంది. ఆమె ఇలా రాయవచ్చు:

"నమస్కారం సార్. ఒంటిపూట బడి కాబట్టి శుక్రవారం ఏడున్నరకే వెళ్లాలి. 14వ తేదీ సోమవారం అంబేడ్కర్ జయంతి సెలవు. ఆ రోజు 7–9 మధ్య ఇంట్లోనే ఉంటాను. 13న నీళ్లు నిలపడానికి అభ్యంతరం లేదు. ఆ ఆదివారం డాబా మీద బట్టలు ఆరవేయను. మేస్త్రీతో పాటు మీ తమ్ముడు తప్పకుండా ఉండేలా చూడగలరు."

కాదంటూనే మరో తేదీ ఇవ్వడం ఈ జవాబులోని బలం. మార్పు కోరడం నిరాకరించడం కాదు. ప్రతి తేదీకీ కారణం లేకుండా కాదంటూ పోతే మాత్రం యజమానికి 108వ సెక్షన్ ఇచ్చిన తనిఖీ హక్కును అడ్డుకున్నట్లవుతుంది.

5.3 తాను లేకుండా అనుమతించడం

పొరుగింటివారి వద్ద తాళం ఉంచి పని కానివ్వవచ్చు. అప్పుడు ఏ గది తాళం ఇచ్చారో, ఎవరికి ఇచ్చారో, ఎన్ని గంటలకు తిరిగి తీసుకుంటారో రాతలో ఉండాలి. నగలు, ధ్రువపత్రాలు ఉన్న బీరువాకు విడిగా తాళం వేసి, గది ఫోటో ఒకటి తీసి పెట్టుకోవడం ఇరువురికీ మేలు.

5.4 మరమ్మతు చేయకపోతే

ఈమెయిల్ పంపి, చూసి వెళ్లి, తరువాత యజమాని కదలకపోతే ఏమిటి? 108వ సెక్షన్ ప్రకారం, యజమాని చేయవలసిన మరమ్మతును నోటీసు ఇచ్చిన తరువాత కూడా సహేతుకమైన కాలంలో చేయకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. ఇక్కడ "చేయవలసిన" అన్న మాటను జాగ్రత్తగా చదవండి. ఏ మరమ్మతు ఎవరిదో ఒప్పందాన్ని బట్టి తేలుతుంది. స్లాబు, గోడలు, లోపలి పైపులు యజమానివని, కుళాయి వాషర్లు, స్విచ్చులు, తాళాలు అద్దెదారువని నమూనా అద్దె చట్టం విభజించింది. మీ ఒప్పందంలో ఈ జాబితా లేకపోతే తదుపరిసారి చేర్పించుకోండి.

ఒక లెక్క చూద్దాం. కిరాయి నెలకు 6,000 రూపాయలు, మరమ్మతు ఖర్చు 9,000 రూపాయలు. నమూనా చట్టం ఏ నెలలోనూ సగం కిరాయికి మించి మినహాయించరాదంటుంది. ఆ పద్ధతిలో నెలకు 3,000 చొప్పున మూడు నెలల్లో తీరుతుంది. 1882 చట్టంలో ఇలాంటి పరిమితి లేదు. అయినా ఒకేసారి కిరాయి ఆపేస్తే అది అద్దె బకాయిగా కనబడి వివాదం ముదురుతుంది. అందువల్ల ముందుగా అంచనా పంపి, రాతపూర్వక సమ్మతి తీసుకుని, రసీదులతో విడతలుగా మినహాయించుకోవడం సురక్షితం.

దీనికి మరో వైపు కూడా ఉంది. లోపం అద్దెదారు వల్లనే వచ్చిందని తేలితే, నోటీసు అందిన మూడు నెలల్లో అద్దెదారే బాగు చేయించాలి. డాబా మీద కూలరు బిగించడానికి మేకులు కొట్టిన చోటే నీరు దిగుతోందనుకోండి, అప్పుడు ఖర్చు ఎవరిదన్నది మారిపోతుంది. అందుకే సందర్శన ముగిసిన రోజే కనబడిన విషయాలను రెండు పంక్తుల ఈమెయిల్‌లో రాసుకోవాలి.

6. పొరపాట్లు ఎక్కడ జరుగుతాయి?

ఈమెయిల్ పంపి ఊరుకోవడం తరచుగా జరిగే పొరపాటు. రోజూ ఈమెయిల్ చూసే అలవాటు అందరికీ ఉండదు. పంపాక ఫోను చేసి గాని, వాట్సాప్‌లో గాని "మెయిల్ పంపాను, చూడగలరు" అని చెప్పాలి. మాట్లాడుకున్న తరువాత వేళ మారితే ఆ మార్పును మళ్లీ అదే ఈమెయిల్ వరుసలో రాయాలి. లేకపోతే మేస్త్రీ పాత తేదీకే వస్తాడు.

రెండవ పొరపాటు, సందర్శన ఉత్తరంలో కిరాయి పెంపు, బకాయి, ఖాళీ చేయడం వంటి విషయాలు కలపడం. అప్పుడు అద్దెదారు తనిఖీని ఒత్తిడిగా భావించి తలుపు తీయడానికి వెనకాడతారు.

మూడవది, "మరమ్మతులు పూర్తయ్యే వరకు వస్తూ ఉంటాం" అన్న అంతులేని అనుమతి. తనిఖీకి ఒక సందర్శన, పనికి మరొకటి, పని నిలిచిందో లేదో చూడటానికి ఇంకొకటి అని విడివిడిగా వేళ నిర్ణయించుకోవాలి. తనిఖీకి ఇచ్చిన సమ్మతి పనికి ఇచ్చిన సమ్మతి కాదు.

7. సారాంశం

కిరాయి ఇంట్లో ఆటంకం లేకుండా ఉండే హక్కు అద్దెదారుది. సహేతుకమైన వేళల్లో ఇంటిని చూసుకునే హక్కు యజమానిది. ఈ రెండూ ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లోనే ఉన్నాయి. కారణం, వచ్చేవారు, చూసే గదులు, రాక వ్యవధి, లోపల పట్టే సమయం, చివరి గడువు, ప్రత్యామ్నాయ తేదీలు ఉన్న ఈమెయిల్ ఆ రెండు హక్కులను కలుపుతుంది. అద్దెదారు అంగీకరించవచ్చు, వేళ మార్చమనవచ్చు, తాను లేకుండా అనుమతించవచ్చు. మరమ్మతు జరగకపోతే ఒప్పందాన్ని బట్టి తానే చేయించి ఖర్చు మినహాయించుకోవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రాక వ్యవధికి, లోపల పని పట్టే సమయానికి తేడా ఏమిటి?
2. నమూనా అద్దె చట్టంలోని 24 గంటల నియమాన్ని మంథనిలోని యజమానికి నేరుగా వర్తింపజేయవచ్చా? కారణం తెలపండి.
3. "రేపు ఎప్పుడైనా ప్లంబరు వస్తాడు, ఇంట్లో ఉండండి" అన్న సందేశాన్ని పై నమూనా ప్రకారం తిరిగి రాయండి.
4. మీరు వారమంతా రాత్రి షిఫ్టులో ఉన్నారు. ఉదయం 8–10 మధ్య తనిఖీకి వస్తామని ఈమెయిల్ వచ్చింది. ప్రత్యామ్నాయ వేళలు సూచిస్తూ ఐదు వాక్యాల్లో జవాబు రాయండి.